రోగి మరణించిన రోజు ఆసుపత్రి ప్రకటన: తప్పించుకోకుండా, తప్పు ఒప్పుకోకుండా రాయడం ఎలా?

జిల్లా కేంద్రంలో యాభై పడకల ప్రైవేటు ఆసుపత్రి ఒకటి ఉందనుకుందాం. రెండో కాన్పుకు వచ్చిన 27 ఏళ్ల మహిళకు 12వ తేదీ రాత్రి 10.40కి సిజేరియన్ మొదలైంది. పాప క్షేమంగా పుట్టింది. ఆపరేషన్ చేసిన గైనకాలజిస్టు 11.35కు ఇంటికి వెళ్లారు. 11.50కి బాలింతకు రక్తస్రావం ఎక్కువగా ఉందని నర్సు గమనించారు. 11.55కు గైనకాలజిస్టుకు ఫోన్ చేసినట్టు కేస్ షీట్‌లో ఉంది. ఆమె తిరిగి వచ్చేసరికి 12.30 అయింది. 1.35కు గర్భసంచి తొలగించే ఆపరేషన్ మొదలుపెట్టారు. 4.10కి ఆ తల్లి చనిపోయింది. తెల్లారేసరికి బంధువులు గేటు ముందు బైఠాయించారు. "డాక్టర్ లేకపోవడం వల్లే మా పిల్ల పోయింది" అని ఆమె తండ్రి టీవీ మైకుల ముందు చెబుతున్నాడు. ఇక ఆసుపత్రి ఏదో ఒకటి చెప్పక తప్పదు.

ఇది కల్పించిన ఉదాహరణే కానీ, ఇలాంటి ఉదయాల్లో ప్రకటనలు రాసే పని నేను చాలాసార్లు చేశాను. ఆ పనిలో నేర్చుకున్న సూత్రం ఒకటే. ప్రకటనలోని ప్రతి వాక్యం ఈ పూట ఆ తండ్రి ఎదుట చదవగలిగేలా ఉండాలి, రెండేళ్ల తరువాత కోర్టులో ఎదుటి లాయరు చదివినా నిలబడాలి. తప్పించుకునే వాక్యం మొదటి పరీక్షలో ఓడిపోతుంది, తొందరపడి నేరం నెత్తిన వేసుకునే వాక్యం రెండో పరీక్షలో ఓడిపోతుంది.

ముందుగా కేస్ షీట్, ఆ తరువాతే కలం

ప్రకటన రాసే మనిషి మొదట వెళ్లవలసింది మెడికల్ రికార్డుల గదికి. కేస్ షీట్, నర్సుల నోట్స్, మత్తు డాక్టరు చార్టు, రక్తం తెప్పించిన రిజిస్టరు, ఆపరేషన్ థియేటర్ రిజిస్టరు, అన్నింటికీ వెంటనే జిరాక్సులు తీయించి, అసలు ప్రతులను సూపరింటెండెంట్ సంతకంతో సీలు వేయించాలి. సీసీటీవీ దృశ్యాలు కొన్నాళ్లకు వాటంతట అవే చెరిగిపోతాయి కాబట్టి గేటు, లిఫ్టు, వార్డు కెమెరాల రికార్డింగును అదే రోజు వేరే డిస్కులోకి తీయించాలి. రాత్రి రాయడం మరిచిపోయిన విషయం డ్యూటీ డాక్టరుకు ఇప్పుడు గుర్తొస్తే, దాన్ని ఈ రోజు తేదీ, ఈ క్షణం సమయం వేసి "ఆలస్యంగా నమోదు చేసినది" అని స్పష్టంగా రాయాలి. పాత పేజీలో ఖాళీ చూసి ఇరికించకూడదు. ఎంత నిజాయితీగా రాసిన ప్రకటననైనా దిద్దిన కేస్ షీట్ ఒక్కటి ముంచేస్తుంది.

ఆ కాగితాల నుంచి ఒక పట్టిక తయారు చేయాలి. మొదటి గడిలో సమయం, రెండో గడిలో జరిగింది, మూడో గడిలో అది మనకు ఎలా తెలుసు అన్నది ఉండాలి. అసలు పని చేసేది మూడో గడే. "12.30: గైనకాలజిస్టు వచ్చారు" అన్న వరుసకు గేటు కెమెరా ఆధారం ఉంది. "11.55: ఫోన్ చేశారు" అన్న వరుసకు కేస్ షీట్ తప్ప మరే ఆధారమూ లేదు. "వెంటనే చికిత్స మొదలుపెట్టారు" అన్నదానికి మూడో గడి ఖాళీగానే ఉంటుంది, ఎందుకంటే "వెంటనే" అనేది సమయం కాదు, అభిప్రాయం. మూడో గడి ఖాళీగా ఉన్న ఏ మాటా ప్రకటనలోకి వెళ్లకూడదు.

తేదీల దగ్గర మన భాషలో ఒక చిక్కుంది. "12వ తేదీ రాత్రి చనిపోయారు" అంటే కొందరికి అర్ధరాత్రికి ముందు, కొందరికి తెల్లవారే లోపు. కాబట్టి "13వ తేదీ తెల్లవారుజామున 4.10కి" అని రాయాలి. ఒక్క తేదీ తేడా వస్తే ఆసుపత్రి సమయాలు మార్చేసిందన్న కథనం మధ్యాహ్నానికే పుట్టేస్తుంది.

మొదటి గంటలో ఇచ్చేది నాలుగు వాక్యాలు

పూర్తి ప్రకటన సిద్ధం కావడానికి మధ్యాహ్నం అవుతుంది. అప్పటిదాకా నోరు మూసుకుని కూర్చుంటే "స్పందించని యాజమాన్యం" అని స్క్రోలింగ్ మొదలవుతుంది. అందువల్ల ముందుగా ఒక చిన్న ప్రకటన ఇవ్వాలి. అయితే విలేకరుల వాట్సాప్ గ్రూపులో పెట్టే ముందు సీనియర్ డాక్టరొకరు మృతురాలి భర్తను పక్కకు పిలిచి, కూర్చోబెట్టి, అందులోని మాటలే ఆయనకు చెప్పాలి. తన భార్య గురించి ఆసుపత్రి ఏమంటోందో భర్త టీవీలో వినే పరిస్థితి రాకూడదు. ఒకసారి ఆ పరిస్థితి వచ్చాక ఇక ఏ మాట రాసినా ఆ కుటుంబం చెవికి ఎక్కదు.

"మా ఆసుపత్రిలో కాన్పు కోసం చేరిన ఒక మహిళ 13వ తేదీ తెల్లవారుజామున 4.10కి మరణించారు. ఆమె కుటుంబానికి మా ప్రగాఢ సానుభూతి. చికిత్స గురించి కుటుంబసభ్యులు కొన్ని ప్రశ్నలు లేవనెత్తారు, వాటికి ముందుగా వారికే సమాధానం చెబుతున్నాం. మాకు తెలిసిన వివరాలను రికార్డులతో సరిచూసుకుని ఈ మధ్యాహ్నం 2 గంటలకు మళ్లీ ప్రకటన ఇస్తాం."

ఇందులో కారణం లేదు, సమర్థన లేదు, మృతురాలి పేరు లేదు. కానీ చావును దాచలేదు, ప్రశ్నలున్నాయన్న సంగతినీ దాచలేదు. చెప్పిన 2 గంటలకు కొత్త సంగతేమీ లేకపోయినా మళ్లీ మాట్లాడి తీరాలి.

"జరిగింది" అనే ముసుగు

తెలుగులో తప్పించుకోవడానికి అన్నిటికన్నా అనువైన క్రియ "జరగడం". "ఇంజెక్షన్ ఇవ్వడం జరిగింది, డాక్టరుకు సమాచారం అందించడం జరిగింది, రోగి మృతి చెందడం జరిగింది" అని రాస్తే అన్నీ వాటంతట అవే అయిపోయినట్టు ఉంటుంది, చేసిన మనిషే కనిపించడు. ఆఫీసు భాష అలవాటైనవారికి ఇది మర్యాదగా తోస్తుంది, చదివేవారికి మాత్రం ఏదో దాస్తున్నట్టు అనిపిస్తుంది. "మా డ్యూటీ డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చారు" అంటే తప్పు ఒప్పుకున్నట్టు కాదు, ఎవరు ఏం చేశారో చెప్పినట్టు మాత్రమే. చిత్తుప్రతి పూర్తయ్యాక అందులోని "జరిగింది"లన్నిటినీ వెతికి, ప్రతిదాని చోటా కర్తను కూర్చోబెట్టాలి.

విచారం తెలిపే మాటల్లో మరో గుంట ఉంది. "ఈ ఘటనపై విచారిస్తున్నాం" అంటే బాధపడుతున్నామనా, దర్యాప్తు చేస్తున్నామనా? విలేకరి తనకు నచ్చిన అర్థం తీసుకుంటాడు. బాధకు "సానుభూతి" లేదా "బాధపడుతున్నాం" అనీ, దర్యాప్తుకు "పరిశీలన" లేదా "విచారణ జరుపుతోంది" అనీ వేర్వేరు మాటలు వాడాలి. "చింతిస్తున్నాం" అన్న మాట వాడుకలో క్షమాపణకు దగ్గరగా పోతుంది. "బాధ్యత వహిస్తాం" అన్న మాట మరీ ప్రమాదకరమైనది. బాధ్యత అంటే పూచీ అనీ, నేరభారం అనీ రెండు అర్థాలున్నాయి కాబట్టి "కుటుంబానికి సమాధానం చెప్పవలసిన బాధ్యత మాది" అని మీరు అంటే, "తప్పు ఒప్పుకున్న ఆసుపత్రి" అని మర్నాడు శీర్షిక వస్తుంది. అదే భావాన్ని "కుటుంబం అడిగే ప్రతి ప్రశ్నకూ మేము సమాధానం చెబుతాం" అన్నప్పుడు చేయబోయే పని తెలుస్తుంది, నేరం మాత్రం అంటదు.

మరి క్షమాపణ సంగతి? ఇంగ్లండ్, వేల్స్‌లలో 2006 నాటి నష్టపరిహార చట్టం ప్రకారం క్షమాపణ చెప్పినంత మాత్రాన నిర్లక్ష్యాన్ని అంగీకరించినట్టు కాదు. మన దేశంలో అలాంటి రక్షణ లేదు. వివాదంలో ఉన్న విషయం గురించి ఏదైనా నిర్ధారణకు దారితీసే మాటను మన సాక్ష్య చట్టం అంగీకారంగా చూస్తుంది. అది తిరుగులేని రుజువు కాకపోయినా, దాన్ని వివరించుకునే భారం మీ మీద పడుతుంది. అందుకే "మా వల్ల జరిగినదానికి క్షమించండి" అని ప్రకటనలో రాయకూడదు. కానీ ఈ భయంతో సానుభూతినీ కత్తిరించేసే లాయర్లను చూశాను. "ఆ కుటుంబం పడుతున్న బాధకు మేమూ బాధపడుతున్నాం" అన్న వాక్యం ఏ చట్టం కిందా నేరాంగీకారం కాదు. ఆ ఒక్క వాక్యం దగ్గర పట్టు సడలించవద్దు.

దీనికి ఎదురు దిక్కులో "మా వైద్యుల నిర్లక్ష్యం ఏమీ లేదు", "అన్ని ప్రమాణాలూ పాటించాం" అన్న వాక్యాలుంటాయి. మరణించిన నాలుగు గంటలకు ఆ సంగతి మీకు తెలిసే అవకాశమే లేదు. ఈ వాక్యం ఇచ్చాక విచారణలో ఒక్క లోపం తేలినా, ఆసుపత్రి పరిశీలించకుండానే తీర్పు చెప్పిందని రుజువవుతుంది. "ముందే సీరియస్ అని చెప్పి సంతకం తీసుకున్నాం" అన్నది ఇంకా అధ్వాన్నం. సమ్మతి పత్రం మీద సంతకం చికిత్సకు అనుమతే తప్ప చికిత్స సరిగా జరిగిందనడానికి సాక్ష్యం కాదు, పైగా శవం పక్కన నిలబడి కాగితం ఊపినట్టు ఉంటుంది.

ఆ 35 నిమిషాల గురించి ఏం రాయాలి?

ప్రతి కేసులోనూ ఒక ముల్లు ఉంటుంది. ఇక్కడ ఫోన్‌కూ రాకకూ మధ్య 35 నిమిషాలు. తండ్రి అడుగుతున్నది సరిగ్గా దాని గురించే కాబట్టి, దాన్ని తాకని ప్రకటన ఎంత మర్యాదగా ఉన్నా దాటవేతే. "డాక్టరు వెంటనే స్పందించారు" అంటే అబద్ధానికి దగ్గర, "డాక్టరు ఆలస్యంగా వచ్చారు" అంటే తీర్పు. రెండింటికీ మధ్య దారి ఏమిటంటే గడియారం చెప్పినదాన్ని చెప్పి, అది ఎక్కువా తక్కువా అన్న తూకాన్ని తూచవలసినవారికి వదిలేయడం.

అయితే ఇక్కడ మరో హద్దు అడ్డొస్తుంది. భారత వైద్య మండలి 2002 వృత్తి ప్రవర్తన నిబంధనల ప్రకారం రోగి గురించి చికిత్సలో తెలిసిన విషయాలను వైద్యులు బయటపెట్టకూడదు. కుటుంబం టీవీలో అన్నీ చెప్పేసినా వైద్యుల నోటికున్న ఆ కట్టు ఊడదు. కాబట్టి రక్తస్రావం, గర్భసంచి ఆపరేషన్ వంటి వివరాలు రాయాలంటే భర్త లేదా దగ్గరి బంధువు రాతపూర్వక అనుమతి ఉండాలి. తెల్లవారుజామున ఏడుస్తున్న మనిషి చేతికి కాగితం ఇచ్చి సంతకం అడగడం నా దృష్టిలో అమానుషం. మధ్యాహ్నానికి కుటుంబంలో కుదురుగా మాట్లాడే పెద్దమనిషి ఎవరైనా ఉంటే, పంపబోయే పేరా చదివి వినిపించి అప్పుడు అడగాలి. ఒప్పుకుంటే ఇలా రాయవచ్చు:

"మా రికార్డుల ప్రకారం రాత్రి 11.50కి అధిక రక్తస్రావాన్ని గుర్తించాం. 11.55కు గైనకాలజిస్టుకు ఫోన్ చేశాం. ఆమె 12.30కు ఆసుపత్రికి చేరుకున్నారు. ఈలోగా డ్యూటీ డాక్టరు, మత్తు డాక్టరు చికిత్స చేశారు, రక్తం ఎక్కించారు. ఈ వ్యవధి రోగి ఆరోగ్యంపై ఏ ప్రభావం చూపిందన్నది విచారణ పరిశీలిస్తున్న మొదటి ప్రశ్న."

ఒప్పుకోకపోతే: "స్పెషలిస్టు డాక్టరు ఎప్పుడు వచ్చారని కుటుంబసభ్యులు అడుగుతున్నారు. ఆ సమయాలు మా రికార్డుల్లో ఉన్నాయి. రోగి వివరాల గోప్యత వల్ల వాటిని బహిరంగంగా చెప్పలేకపోతున్నాం కానీ, కుటుంబానికి చూపించాం, పోలీసులకు అందజేశాం." ఈ రూపంలో గోప్యత అనే మాట డాలు కాకుండా ఉండాలంటే చివరి రెండు పనులూ నిజంగా చేసి ఉండాలి. చేయకుండా రాస్తే అది అబద్ధం.

పూర్తి ప్రకటన

లెటర్‌హెడ్ మీద, తేదీ, గంట, ప్రకటన సంఖ్యతో, ఒక్క పేజీకి మించకుండా ఉండాలి. మరణం గురించిన వాక్యం, సానుభూతి, పైన రాసిన సమయాల పేరా, ఆ తరువాత ఇది:

"మరణానికి కారణం ఇంకా నిర్ధారణ కాలేదు. పోస్ట్‌మార్టం ప్రభుత్వ ఆసుపత్రిలో జరుగుతుంది. మేము కారణంపై వ్యాఖ్యానించడం ఆ పరీక్షకు ముందే తీర్పు చెప్పినట్టవుతుంది. ప్రసూతి మరణాలపై ప్రభుత్వం జరిపే సమీక్ష కోసం జిల్లా వైద్య ఆరోగ్య శాఖకు సమాచారం ఇచ్చాం. మా ఆసుపత్రితో సంబంధం లేని ఒక గైనకాలజిస్టు సభ్యురాలిగా అంతర్గత కమిటీని నియమించాం. కమిటీ తేల్చిన విషయాలను ముందుగా కుటుంబానికి తెలియజేస్తాం. కుటుంబం రాతపూర్వకంగా కోరితే 72 గంటల్లో వైద్య రికార్డుల ప్రతులు ఇస్తాం. ఫలానా రోజు ఫలానా గంటకు మళ్లీ వివరాలు చెబుతాం."

ఇందులో ప్రతి హామీ ఆసుపత్రి చేతిలో ఉన్నదే. 72 గంటలు అన్నది ఔదార్యం కాదు, పైన చెప్పిన 2002 నిబంధనల్లోనే ఉంది. పోస్ట్‌మార్టం తుది నివేదికకు తేదీ చెప్పలేదు, ఎందుకంటే కణజాల పరీక్షలూ ఫోరెన్సిక్ ల్యాబ్ నివేదికా రావడానికి వారాలు పట్టవచ్చు, అవి ఆసుపత్రి చేతిలో లేవు. ప్రసూతి మరణాన్ని 24 గంటల్లో తెలియజేయాలన్నది 2017 నాటి కేంద్ర మార్గదర్శకాల ఏర్పాటు. ఆ సమీక్ష నిందలు వేయడానికి కాక లోపాలు సరిదిద్దడానికి ఉద్దేశించినది కాబట్టి, అందులో వచ్చిన మాటలను తరువాత మీకు అనుకూలంగా పత్రికలకు వినిపించకూడదు.

ఏవి ఉండకూడదో కూడా చెప్పాలి. బిల్లు ప్రస్తావన ఉండకూడదు. బకాయి పేరుతో మృతదేహాన్ని ఆపకూడదన్నది రోగుల హక్కుల పత్రంలో ఉన్నదే. అలా ఆపామన్న ఆరోపణ వస్తే, దేహాన్ని ఎన్ని గంటలకు ఎవరికి అప్పగించామో చెప్పడం తప్ప వేరే జవాబు లేదు. అద్దాలు పగిలాయన్న ఫిర్యాదును ఈ ప్రకటనలో కలపకూడదు. ఆసుపత్రులపై దాడుల నిరోధానికి 2008 నాటి చట్టం ఉంది, దాని కింద ఫిర్యాదును వేరుగా ఇచ్చుకోవచ్చు. ఒకే కాగితంలో సానుభూతీ కేసు బెదిరింపూ ఉంటే మొదటిది నటనగా మిగులుతుంది. స్థానిక నాయకుల మధ్యవర్తిత్వంలో గేటు దగ్గర డబ్బు మాటలు నడుస్తుంటే వాటికీ ఇందులో చోటు లేదు, మానవతా సాయం అన్న పేరు పెట్టినా సరే.

లాయరు, బీమా కంపెనీ, మైకు

వృత్తి బీమా పాలసీల్లో సాధారణంగా, కంపెనీ అనుమతి లేకుండా బాధ్యతను అంగీకరించరాదన్న షరతు ఉంటుంది. కాబట్టి ప్రకటన పంపే ముందు బీమా కంపెనీకి సమాచారం వెళ్లాలి. లాయరు చదివి కొట్టేసిన ప్రతి వాక్యానికీ "ఇది అబద్ధమా, అంగీకారమా, గోప్యతా భంగమా?" అని అడగండి. మూడింటిలో ఏదీ కాకపోతే ఆ వాక్యం ఉండాలి. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు, డాక్టరు మీద నేర విచారణకు తీవ్రమైన నిర్లక్ష్యం కనిపించాలనీ, ముందుగా స్వతంత్ర వైద్య నిపుణుల అభిప్రాయం తీసుకోవాలనీ చెప్పింది. అది లాయరు పోలీస్ స్టేషన్‌లో చెప్పవలసిన మాట. పత్రికా ప్రకటనలో పెడితే ఇంకా ఎవరూ వేయని నేరానికి ముందే వాదించుకున్నట్టు ఉంటుంది.

మైకు ముందు ఒక్కరే మాట్లాడాలి, వీలైతే ఆ రాత్రి చికిత్సలో లేని సీనియర్ డాక్టరు. "నిర్లక్ష్యం జరిగిందా లేదా, అవునో కాదో చెప్పండి" అని తప్పకుండా అడుగుతారు. "అవును అన్నా కాదు అన్నా తెలియనిది తెలిసినట్టు చెప్పడమే అవుతుంది. ఏ సమయానికి ఎవరు ఏం చేశారో చెప్పాం, అది సరిపోయిందా అన్నది బయటి నిపుణురాలు చూస్తున్నారు" అన్నది నా జవాబు. పదిసార్లు అడిగినా అదే జవాబు, అవే మాటల్లో. "డాక్టరును సస్పెండ్ చేశారా?" అంటే, విధుల నుంచి తప్పించి ఉంటే ఆ మాట చెప్పి, అది విచారణ పూర్తయ్యేదాకా చేసిన ఏర్పాటేనని కలపాలి. పేరు చెప్పకూడదు.

తప్పు తేలితే, దిద్దుబాటు

మూడో రోజు టెలిఫోన్ కంపెనీ నుంచి కాల్ రికార్డు వచ్చిందనుకుందాం. గైనకాలజిస్టుకు ఫోన్ వెళ్లింది 11.55కు కాదు, 12.04కు. ఆమె 26 నిమిషాల్లోనే వచ్చారు, కానీ రక్తస్రావం గుర్తించాక ఫోన్ చేయడానికి 14 నిమిషాలు పట్టింది. ప్రశ్న డాక్టరు ఇంటి నుంచి వార్డులోకి మారింది. యాజమాన్యానికి ఇది మింగుడుపడదు, విలేకరులు మరిచిపోయారు కదా అంటుంది. కానీ ఆ కాల్ రికార్డు పోలీసులకూ చేరుతుంది, అప్పుడు మొదటి ప్రకటన మొత్తం అబద్ధమైపోతుంది. "మా రికార్డుల ప్రకారం" అని ఆ రోజు రాసినందువల్లే ఇప్పుడు దిద్దుకోవడానికి దారి మిగిలింది. ముందు కుటుంబానికి ఫోన్ చేసి చెప్పి, తరువాత అదే గ్రూపులో, అదే లెటర్‌హెడ్ మీద, రెండో ప్రకటనగా ఇవ్వాలి:

"13వ తేదీ ప్రకటనలో, గైనకాలజిస్టుకు 11.55కు ఫోన్ చేసినట్టు కేస్ షీట్ ఆధారంగా తెలిపాం. టెలిఫోన్ రికార్డులో ఆ సమయం 12.04గా ఉంది. ఈ తేడాను కుటుంబానికి, పోలీసులకు, కమిటీకి తెలియజేశాం. తేడా ఎందుకు వచ్చిందో కమిటీ పరిశీలిస్తోంది."